మార్కుల పట్టికలో హద్దు ఎవరు గీయాలి?

విద్యార్థులారా! పరీక్షలు ముగిసి, పేపర్లు దిద్దడం పూర్తయ్యాక ప్రతి బడిలోనూ జరిగే పని ఒకటుంది. ఒకరు పేరూ మార్కులూ పైకి చదువుతారు, ఇంకొకరు రాసుకుంటారు. వెనుకటి రోజుల్లో గీతలు కొట్టిన పెద్ద రిజిస్టరులో రాసుకొనేవారు. ఆ గీతలను అచ్చు వేసినవారే ముందుగా గీసిపెట్టేవారు కనుక ఏ అంకె ఏ గడిలో పడాలో ఎవరూ ఆలోచించనక్కర లేదు. ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటరు ముందు కూర్చొనో, ఫోను చేతిలో పట్టుకొనో వినింది విన్నట్లుగా టైపు చేస్తున్నారు. అప్పుడు తయారయ్యేది పట్టిక కాదు, కొన్ని వాక్యాల వంటి వరుసలు మాత్రమే. ఉదాహరణకు ఈ ఐదు వరుసలూ చూడండి. పేర్లు ఊహించినవి. మొదట క్రమసంఖ్య, తరువాత పేరు, ఆపైన తెలుగు, లెక్కలు, సైన్సు మార్కులు.

```
1 రాము 72 65 81
2 కె వెంకట లక్ష్మి 68 74 90
3 షేక్ మస్తాన్ వలీ 55 61 47
4 సీత 88 93
5 బి శ్రీను 40 58 62
```

దీన్ని అడ్డువరుసలు, నిలువువరుసలు ఉన్న చక్కని పట్టికగా మార్చాలి. "ఇదేమంత పని! చూస్తేనే తెలుస్తోంది గదా, ఏది పేరో ఏది మార్కో" అంటారు మీరు. నిజమే, మీకు తెలుస్తోంది. మీకు తెలుగు వచ్చు, "వెంకట" అనేది పేరులో ముక్క అని తెలుసు, 74 అనేది పేరు కాదని తెలుసు. కంప్యూటరుకు ఇవేవీ తెలియవు. దానికి ఆ వరుస ఒకదాని వెనుక ఒకటి నిలబడ్డ గుర్తుల బారు మాత్రమే. అక్షరం ఒక గుర్తు, అంకె ఒక గుర్తు, రెండింటి నడుమ ఉన్న ఖాళీ కూడా ఒక గుర్తే. ఈ గుర్తులకు కంప్యూటరు లోపల సంఖ్యలుంటాయి. ఖాళీ సంఖ్య 32, కామా సంఖ్య 44, ట్యాబ్ సంఖ్య 9. కాబట్టి ఎక్కడ ఒక గడి ముగిసి మరో గడి మొదలవుతుందో చెప్పే నియమం ఒకటి మనమే దానికి ఇవ్వాలి.

ఈ విషయంలో నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను. మార్కులను వరుసలుగా టైపు చేయడంలో తప్పేమీ లేదు. చదువుతూ ఉంటే రాసుకోవడానికి అంతకంటే వేగమైన పద్ధతి లేదు. తప్పు ఎక్కడంటే, హద్దు ఏదో నిర్ణయించుకోకుండా టైపు చేయడంలోనూ, తరువాత స్పేసు మీటను టకటకా నొక్కి పట్టికలాగా కనిపించేట్లు చేయడంలోనూ ఉంది. అలా చేస్తే పట్టిక పోలిక వస్తుందే గాని పట్టిక రాదు. ఎందుకో వివరంగా చూద్దాం.

స్పేసులతో కట్టిన వరుస

ఖాళీలతో వరుస కుదర్చడం అనే పద్ధతి ఊరికే పుట్టలేదు. ఇంగ్లీషు టైపు మిషను మీద ప్రతి అక్షరమూ ఒకే వెడల్పు. సన్నని ఐ అక్షరానికీ, లావుపాటి డబ్ల్యూ అక్షరానికీ కాగితం ఒకే దూరం జరుగుతుంది. అందువల్ల పేరుకు ఇరవై స్థానాలు, మార్కుకు మూడు స్థానాలు అని లెక్కపెట్టి కొడితే నిలువువరుసలు దారం పట్టినట్లు నిలుస్తాయి. ఐ.బి.ఎం. సంస్థ 1928లో తెచ్చిన 80 స్థానాల చిల్లుల కార్డు కూడా ఈ లెక్క మీదనే నడిచింది. మొదటి మూడు స్థానాలు క్రమసంఖ్యకు, తరువాతి ఇరవై పేరుకు అని ముందే ఒప్పందం చేసుకుంటే హద్దు గుర్తు అవసరమే లేదు. స్థానమే హద్దు.

ఇప్పుడు ఇదే పద్ధతిని తెలుగుకు పెట్టి చూడండి. "సీత", "రాము", "శ్రీను" అనే మూడు పేర్లు తీసుకుందాం. మన కంటికి మూడింటిలోనూ రెండేసి అక్షరాలే. కంప్యూటరు మాత్రం తెలుగు అక్షరాన్ని ముక్కలుగా దాచుకుంటుంది. "సీత"లో స, ఈకారపు గుర్తు, త కలిసి మూడు ముక్కలు. "రాము"లో ర, ఆకారపు గుర్తు, మ, ఉకారపు గుర్తు కలిసి నాలుగు. "శ్రీను"లో శ, పొల్లు గుర్తు, ర, ఈకారపు గుర్తు, న, ఉకారపు గుర్తు కలిసి ఆరు. ప్రతి పేరునూ పది స్థానాలకు నింపమని కంప్యూటరుకు చెబితే అది సీత పక్కన ఏడు ఖాళీలు, రాము పక్కన ఆరు, శ్రీను పక్కన నాలుగు వేస్తుంది. దాని లెక్క తప్పు కాదు, మూడూ పది ముక్కలే. కాని తెర మీద సీత మార్కు దూరంగా, శ్రీను మార్కు దగ్గరగా పడి, వరుస వంకర తిరుగుతుంది.

అప్పుడు మనిషి ఏం చేస్తాడు? చేతితో రెండు స్పేసులు తీసి, మూడు స్పేసులు పెట్టి కంటికి సరిచేస్తాడు. ఆ కాగితాన్ని వేరే కంప్యూటరులో తెరిస్తే, అక్కడి అక్షరాల రూపం వేరైతే, మళ్ళీ వంకరే. స్థానమే హద్దు అనే పాత పద్ధతి తెలుగు పేర్లకు పనికిరాదని దీన్నిబట్టి గ్రహించాలి.

ఎడమ నుంచి కోస్తే

"సరే, ఖాళీ కనిపించిన చోటల్లా కోసేస్తే పోలేదా?" అని మీకు తోచవచ్చు. అది మంచి ప్రశ్నే. మార్కుల పట్టికలకు వాడే ఎక్సెల్, లిబ్రె ఆఫీస్ కాల్క్ వంటి ప్రోగ్రాములలో `Data` అనే చోట `Text to Columns` అనే పనిముట్టు ఉంటుంది. దానికి `Space` దగ్గర కోయమని చెబితే చాలు, క్షణంలో వరుసలన్నీ గడులలోకి వెళ్ళిపోతాయి. మన ఐదు వరుసలను అలా కోస్తే ఏమవుతుందో లెక్క వేద్దాం.

రాము వరుసలో ఐదు ముక్కలు వస్తాయి. వెంకట లక్ష్మి వరుసలో ఏడు. మస్తాన్ వలీ వరుసలోనూ ఏడు. సీత వరుసలో నాలుగే. శ్రీను వరుసలో ఆరు. ఇక మూడవ నిలువువరుసను పై నుంచి కిందికి చదవండి: 72, వెంకట, మస్తాన్, 88, శ్రీను. తెలుగు మార్కులు ఉండవలసిన చోట మనుషుల పేర్లు కూర్చున్నాయి!

కారణం స్పష్టమే. మన పేర్లకు ఇన్ని ముక్కలుండాలనే నియమం లేదు. కొందరికి ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు వస్తుంది, కొందరికి రాదు. కొందరిది ఒకే ముక్క, కొందరివి మూడు ముక్కలు. పేరు లోపలి ఖాళీకీ, పేరుకూ మార్కుకూ నడుమ ఉన్న ఖాళీకీ తేడా కంప్యూటరుకు తెలియదు. ఒకే గుర్తుకు రెండు పనులు అప్పగించాం. అక్కడే చిక్కు వచ్చింది.

కుడి నుంచి కోస్తే

ఇప్పుడు వరుసను వెనుక నుంచి చూడండి. పేరులో ఎన్ని ముక్కలున్నాయో తెలియకపోయినా, చివర మూడు మార్కులు ఉంటాయని మనకు తెలుసు. మొదట ఒకే ఒక క్రమసంఖ్య ఉంటుందనీ తెలుసు. కాబట్టి మొదటి ముక్కను తీసి పక్కన పెట్టి, చివరి మూడు ముక్కలను తీసి పక్కన పెడితే, నడుమ మిగిలినదంతా పేరే. ఎన్ని ముక్కలున్నా ఫరవాలేదు. తెలిసినవాటిని తీసేసి తెలియనిదాన్ని మిగుల్చుకోవడం మీరు బీజగణితంలో చేసే పనే.

పైతాన్ భాష నేర్చుకుంటున్న పిల్లలు ఈ నియమాన్ని ఇలా రాయవచ్చు. మార్కుల వరుసలు `marks.txt` అనే ఫైలులో ఉన్నాయనుకుందాం.

```
for line in open("marks.txt", encoding="utf-8"):
    p = line.split()
    if not p:
        continue
    name = " ".join(p[1:-3])
    print(p[0], name, *p[-3:], sep=",")
```

ఇందులో `p[0]` అంటే మొదటి ముక్క. `p[-3:]` అంటే చివరి మూడు ముక్కలు. `p[1:-3]` అంటే రెండింటికీ నడుమ మిగిలినవి. `encoding="utf-8"` అని రాయడం మరవకండి. అది లేకపోతే కొన్ని కంప్యూటర్లలో తెలుగు అక్షరాలకు బదులు పిచ్చిగీతలు కనిపిస్తాయి. నడిపితే వచ్చే ఫలితం ఇది:

```
1,రాము,72,65,81
2,కె వెంకట లక్ష్మి,68,74,90
3,షేక్ మస్తాన్ వలీ,55,61,47
4,,సీత,88,93
5,బి శ్రీను,40,58,62
```

నాలుగు వరుసలు ముచ్చటగా కుదిరాయి. ఇప్పుడు కామా ఒక్కటే హద్దు, పేరు లోపలి ఖాళీ ఖాళీగానే ఉంది. కాని సీత గతి చూడండి. ఆమె పేరు గడి ఖాళీ అయింది. ఆమె పేరే తెలుగు మార్కుగా మారింది. తెలుగులో వచ్చిన 88 లెక్కల గడిలోకి పోయింది.

ప్రోగ్రాము తప్పు చేసిందా? లేదు. చివరి మూడు ముక్కలు తీయమన్నాం, తీసింది. తప్పు అసలు వరుసలోనే ఉంది. సీత ఒక పరీక్షకు రాలేదు. టైపు చేసినవారు ఆ మార్కు లేదు గనుక ఏమీ కొట్టకుండా ముందుకు పోయారు. "4 సీత 88 93" అని ఉంటే ఆమె ఏ పరీక్షకు రానట్లు? తెలుగుకా, లెక్కలకా, సైన్సుకా? ఆ వరుసను ఎంతసేపు చూసినా తెలియదు. ఆ సమాచారం వరుసలో లేదు. లేని సమాచారాన్ని ఎంత తెలివైన ప్రోగ్రామైనా పుట్టించలేదు. పేపర్ల కట్ట విప్పి చూడవలసిందే.

కట్ట విప్పి చూశాం, ఆమె లెక్కల పరీక్షకు రాలేదని తేలింది అనుకుందాం. అప్పుడు వరుసను "4 సీత 88 AB 93" అని సరిచేయాలి. `AB` అనేది హాజరు కాలేదనే గుర్తు. మీ బడిలో వేరే గుర్తు ఉంటే అదే వాడండి. గుర్తు ఏదైనా ఉండాలి, ఖాళీగా మాత్రం వదలకూడదు. అందుకే నేను మా తరగతి పిల్లలతో, పరీక్షకు రానివారి చోటు కూడా ఒక చోటేనని అంటుంటాను. ఆ చోట ఏదో ఒకటి కొట్టకపోతే పక్కవారి అంకె వచ్చి అందులో కూర్చుంటుంది.

సున్న కొడితే పోలేదా?

కొందరు "సున్న కొట్టేస్తే సరిపోతుంది గదా" అంటారు. సరిపోదు. లెక్కల్లో నలుగురి మార్కులు 65, 74, 61, 58. మొత్తం 258. పరీక్ష రాసినవారు నలుగురు కనుక సగటు 64.5. సీతకు సున్న వేస్తే మొత్తం మారదు గాని, ఐదుగురితో భాగించాలి. సగటు 51.6కు పడిపోతుంది. రాయనిదానికీ, రాసి సున్న తెచ్చుకున్నదానికీ తేడా ఎంత ఉందో చూశారుగా! పట్టికల ప్రోగ్రాములలోని `AVERAGE` అనే సూత్రం గడులలో `AB` వంటి అక్షరాలుంటే వాటిని వదిలేసి, సంఖ్యలను మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. కాబట్టి గుర్తు పెట్టినందువల్ల సగటు చెడదు, సున్న పెడితే చెడుతుంది.

చప్పుడు లేకుండా జరిగే తప్పు

పైన చూసిన తప్పు కనీసం కంటికి కనిపించింది. మార్కుల గడిలో "సీత" అని ఉంటే ఎవరైనా ఉలిక్కిపడతారు. ఇంతకంటే ప్రమాదమైనది ఇంకొకటుంది. అది అన్నీ సరిగ్గా ఉన్నట్లే కనిపిస్తుంది.

ఇప్పుడు ఒకరు ముందుచూపుతో మొదటి నుంచే కామాలు పెట్టి టైపు చేశారనుకుందాం. సీత లెక్కల మార్కు లేదు గనుక రెండు కామాలు పక్కపక్కనే కొట్టారు.

```
4,సీత,88,,93
```

ఇందులో తప్పు లేదు. రెండు కామాల నడుమ ఏమీ లేదంటే లెక్కల గడి ఖాళీ అని అర్థం. 93 సైన్సుదే. కాని `Text to Columns` పెట్టెలో ఒక చిన్న గడి ఉంటుంది. కాల్క్‌లో దాని పేరు `Merge delimiters`. ఎక్సెల్‌లో `Treat consecutive delimiters as one`. వరుసగా వచ్చిన హద్దు గుర్తులను ఒకటిగా లెక్కించు అని దాని భావం. ఖాళీలతో కోసేటప్పుడు ఇది ఎంతో ఉపకారి. రెండు అంకెల నడుమ ఎవరో ఐదు స్పేసులు కొట్టి ఉంటే వాటిని ఒక హద్దుగా చేస్తుంది. కామాలతో కోసేటప్పుడు మాత్రం అదే అపకారి. సీత వరుసలోని రెండు కామాలను ఒకటి చేసేస్తుంది. దానితో 93 ఎడమకు జరిగి లెక్కల గడిలో పడుతుంది. సైన్సు గడి ఖాళీ అవుతుంది.

ఫలితం ఏమిటో ఆలోచించండి. పరీక్షకే రాని లెక్కల్లో సీతకు 93. కష్టపడి రాసిన సైన్సులో ఆమె హాజరు కానట్లు. పేర్లన్నీ పేర్ల గడిలోనే ఉన్నాయి, సంఖ్యలన్నీ సంఖ్యల గడులలోనే ఉన్నాయి. ఎక్కడా వంకర లేదు. చూసినవారు "ఎంత నీటుగా ఉందో" అని మెచ్చుకుంటారు కూడా!

మరి దీన్ని పట్టుకోవడం ఎలా? అందరి మార్కులూ కలిపిన పెద్ద మొత్తంతో పట్టుకుందామంటే కుదరదు. సరైన పట్టికలో తెలుగు మొత్తం 323, లెక్కలు 258, సైన్సు 373. అన్నీ కలిపితే 954. తప్పు పట్టికలో లెక్కల మొత్తం 93 పెరిగి 351 అవుతుంది. సైన్సు మొత్తం 93 తగ్గి 280 అవుతుంది. అన్నీ కలిపితే మళ్ళీ 954! ఒక గడిలో పెరిగింది ఇంకో గడిలో తరిగింది కనుక పెద్ద మొత్తం ఏమీ ఎరగనట్లే ఉంటుంది. సీత అడ్డువరుస మొత్తం కూడా మారలేదు, అప్పుడూ 181, ఇప్పుడూ 181.

పట్టుకొనేది నిలువు మొత్తం ఒక్కటే. సైన్సు పేపర్లు దిద్దిన ఉపాధ్యాయుడు కట్ట మీద "పేపర్లు 5, మొత్తం 373" అని ముందే రాసి ఉంచితే, పట్టికలో 280 రాగానే దొంగ దొరికిపోతాడు. కట్టలో ఐదు పేపర్లుంటే పట్టికలో నాలుగే మార్కులుండటం రెండవ సాక్ష్యం. పట్టికలో క్రమసంఖ్య `A` వరుసలో, పేరు `B`లో, తెలుగు, లెక్కలు, సైన్సు `C`, `D`, `E` వరుసలలో, శీర్షికలు మొదటి అడ్డువరుసలో ఉన్నాయనుకుంటే సైన్సు కింద ఈ రెండు సూత్రాలు వేస్తే చాలు.

```
=COUNT(E2:E6)
=SUM(E2:E6)
```

`COUNT` సంఖ్యలను మాత్రమే లెక్కపెడుతుంది, `AB` వంటి అక్షరాలను లెక్కపెట్టదు. అందుచేత అది పరీక్ష రాసినవారి సంఖ్యను ఇస్తుంది. ఇక్కడ ఒక షరతు ఉంది. కట్ట మీది మొత్తం పేపర్ల నుంచే కట్టినదై ఉండాలి. టైపు చేసిన వరుసల నుంచి కట్టి, దానితోనే పోల్చుకుంటే, తప్పు తనను తాను సాక్షిగా పిలిచినట్లవుతుంది.

నిలువు మొత్తాలకు కూడా హద్దుంది. రాము లెక్కల మార్కు శ్రీనుకూ, శ్రీనుది రాముకూ పడితే లెక్కల మొత్తం మారదు. దాన్ని అడ్డు మొత్తాలు పట్టుకుంటాయి. అందుకే రెండు దిక్కులా మొత్తాలు కట్టాలంటాను.

ఇంకో చిన్న సూచన మీకు సరదాగా ఉంటుంది. నిలువు మొత్తం తేడా 9 చేత నిశ్శేషంగా భాగింపబడితే, ఎవరివో రెండు అంకెలు తారుమారు అయ్యాయేమో చూడండి. రాము 65ను 56 అని కొడితే తేడా 9. సీత 93ను 39 అని కొడితే తేడా 54. పదుల స్థానంలో అ, ఒకట్ల స్థానంలో ఇ ఉంటే సంఖ్య 10అ + ఇ. తారుమారైతే 10ఇ + అ. తేడా 9(అ − ఇ). ఎప్పుడైనా 9 గుణిజమే! అయితే తేడా 9 గుణిజమైనంత మాత్రాన తారుమారే కారణమని తీర్పు చెప్పకూడదు, వేరే తప్పు వల్ల కూడా అలా రావచ్చు. వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం అది చెబుతుంది.

గడిలోకి వెళ్ళాక మారిపోయే అంకెలు

వరుసలు సరిగ్గా కోసినా ఇంకొక బెడద మిగిలి ఉంటుంది. పట్టిక ప్రోగ్రాములు అతితెలివి చూపుతాయి. క్రమసంఖ్యను 007 అని కొడితే అది సంఖ్య గదా అని ముందు సున్నాలు తీసేసి 7 చేస్తాయి. పదికి తొమ్మిది అనే అర్థంలో 9/10 అని కొడితే ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుంటుంది. ఇది పిల్లల పట్టికలకే వచ్చిన చిక్కు కాదు. `MARCH1`, `SEPT1` అనే పేర్లున్న మానవ జన్యువులు శాస్త్రవేత్తల పట్టికలలో మార్చి, సెప్టెంబరు తేదీలుగా మారిపోతూ వచ్చాయి. చివరకు జన్యువులకు పేర్లు నిర్ణయించే సంఘం 2020లో వెల్లడించిన నియమాల ప్రకారం వాటిని `MARCHF1`, `SEPTIN1` అని మార్చవలసి వచ్చింది.

మనం పేర్లు మార్చుకోనక్కర లేదు. కోసేటప్పుడే ఆ నిలువువరుసను `Text` అని ఎంచుకుంటే ప్రోగ్రాము దాన్ని ముట్టుకోదు. పదికి తొమ్మిది అయితే 9 అని మాత్రమే కొట్టి, గరిష్ఠ మార్కులు శీర్షికలో రాస్తే ఇంకా మేలు. గడిలో ఉన్నది సంఖ్యో అక్షరమో తెలుసుకోవడానికి ఒక తేలిక గుర్తుంది. మనం ఏమీ మార్చకుండా ఉంటే సంఖ్యలు గడిలో కుడివైపుకు, అక్షరాలు ఎడమవైపుకు ఒరిగి ఉంటాయి. మార్కుల వరుసలో ఒక్క అంకె ఎడమకు ఒరిగి కనిపిస్తే దానిని అనుమానించండి. సున్నకు బదులు ఇంగ్లీషు `O` అక్షరం కొట్టి ఉండవచ్చు. దాన్ని `SUM` కలపదు, ఫిర్యాదూ చేయదు.

నేను కోరేది

కొందరు మిత్రులు "ఇంత తతంగమెందుకు, మొదటే పట్టిక తెరిచి గడులలో కొట్టుకుంటే పోయె" అంటారు. కంప్యూటరు ఎదురుగా ఉంటే అలా చేయవచ్చు, నాకు అభ్యంతరం లేదు. కాని చిన్న ఫోను తెర మీద ఒక్కో గడిని వేలితో తాకుతూ మూడు సబ్జెక్టులు కొట్టడం కంటే వరుసగా కొట్టుకుంటూ పోవడం తేలిక. పైగా మామూలు వరుసల ఫైలు ఏ కంప్యూటరులోనైనా తెరుచుకుంటుంది. పట్టికలో ఏదైనా చెడితే తిరిగి వెళ్ళి చూసుకోవడానికి అది మూలప్రతిలా ఉంటుంది. కాబట్టి పట్టిక తయారైందని వరుసలను చెరిపేయకండి.

హద్దు గుర్తుగా నేను కామాను ఎంచుకుంటాను. ఫోను మీద ట్యాబ్ మీట సాధారణంగా ఉండదు, కామా ఉంటుంది. మన పేర్లలో చుక్కలు వస్తాయి, ఖాళీలు వస్తాయి, కామాలు రావు. చిరునామాలు కూడా రాయవలసి వస్తే వాటిలో కామాలుంటాయి కనుక అప్పుడు ట్యాబ్ మేలు. ఏది ఎంచుకున్నా ఆ గుర్తు విషయం లోపల రాకూడదు, ప్రతి వరుసలోనూ అవి అన్నే ఉండాలి. మన పట్టికలో ఐదు గడులు, కాబట్టి వరుసకు నాలుగు కామాలు. ఐదో మూడో కనిపిస్తే ఆ వరుస దగ్గర ఆగిపోవాలి.

మీరూ చేసి చూడండి. పది ఊహా పేర్లు రాసుకోండి. నిజమైన తోటి విద్యార్థుల మార్కులు వాడవద్దు, అవి వారి సొంత సంగతి. ఆ పేర్లలో ఒక ముక్క పేర్లు, మూడు ముక్కల పేర్లు, పొడి అక్షరాలున్న పేర్లు కలపండి. ఇద్దరిని ఒక్కో పరీక్షకు రానట్లు చేయండి. నిలువు మొత్తాలు ముందే కాగితం మీద కట్టి ఒక మిత్రుడి దగ్గర దాచండి. తరువాత వరుసలను ఖాళీలతో ఒకసారి, కామాలతో ఒకసారి, వరుస కామాలను ఒకటి చేసే గడికి టిక్కు పెట్టి ఒకసారి కోయండి. మూడు పట్టికలనూ ముందు కంటితో చూసి ఏది సరైనదో చెప్పండి. ఆ తరువాత మాత్రమే మీ మిత్రుడి దగ్గరున్న కాగితం విప్పండి.